సందు మూసుకున్నాకే కడ్డీకి బరువు

వర్క్‌షాపు బల్ల మీద ఒక అల్యూమినియం గొట్టం నిలబెట్టి ఉంది. దాని లోపల, ఎక్కడా గోడకు తగలకుండా, ఒక ఉక్కు కడ్డీ నిలబడి ఉంది. గొట్టం అంచుల మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, వెనక టార్చి వేసి, కంటిని ఆ ఎత్తుకు దించి చూస్తే స్కేలుకీ కడ్డీ తలకీ మధ్య సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. ఫీలర్ గేజ్‌లో 0.15 మి.మీ. రేకు అందులో దూరుతుంది, ఆ పై మందం రేకు దూరదు. మనం రాసుకునే తెల్ల కాగితం మందం సుమారు 0.1 మి.మీ. అంటే ఆ సందు కాగితంన్నర మందం. ఈ రెండింటి మీద మందపాటి పలక పెట్టి 15 టన్నులతో నొక్కితే ఎవరి మీద ఎంత బరువు పడుతుందో తేల్చేది ఆ కాగితంన్నర సందే.

ముందు కొలతలు చూద్దాం. గొట్టం బయటి వ్యాసం 60 మి.మీ., లోపలి వ్యాసం 50 మి.మీ. కడ్డీ వ్యాసం 40 మి.మీ. రెండూ దాదాపు 300 మి.మీ. పొడవు, కడ్డీ మాత్రం 0.15 మి.మీ. పొట్టి. నొక్కితే ఏ లోహమైనా కాస్త కుదించుకుంటుంది. దాన్ని ఒక మిల్లీమీటరు కుదించడానికి ఎంత బరువు కావాలో అదే దాని దృఢత్వం. కోత వైశాల్యం పెరిగినా, లోహం యంగ్ గుణకం పెరిగినా దృఢత్వం పెరుగుతుంది. పొడవు పెరిగితే తగ్గుతుంది. ఉక్కు గుణకం సుమారు 200 గిగాపాస్కల్స్, అల్యూమినియంది 70. లెక్క కడితే గొట్టానికి మిల్లీమీటరుకు సుమారు 20 టన్నులు, కడ్డీకి సుమారు 84 టన్నులు వస్తాయి. కడ్డీ నాలుగింతలు గట్టిది.

ఈ లెక్క పాఠం చెప్పేటప్పుడు ఏటా ఎవరో ఒకరు ఇక్కడే చేయి ఎత్తుతారు. “సార్, అయితే 15 టన్నుల్లో ఐదింట నాలుగు వంతులు కడ్డీకి, ఒక వంతు గొట్టానికి. అంతే కదా?” సందు లేకపోతే అంతే. రెండూ ఒకేసారి పలకకు తగిలి ఉంటే రెండూ సమానంగా కుదించుకోవాలి కాబట్టి, గట్టిగా ఉన్నదే ఎక్కువ మోస్తుంది. గొట్టానికి 2.9 టన్నులు, కడ్డీకి 12.1 టన్నులు పడతాయి. కానీ ఇక్కడ కడ్డీ ఇంకా పలకను తాకనేలేదు. ఎంత గట్టిదైనా, తాకని కడ్డీ ఏమీ మోయదు.

అందుకే లెక్కను రెండు దశలుగా విడదీయాలి. మొదటి దశలో గొట్టం ఒంటరిగా మోస్తుంది. అది 0.15 మి.మీ. కుదించుకునేదాకా కడ్డీకి పని లేదు. మిల్లీమీటరుకు 20 టన్నుల లెక్కన ఆ కుదింపుకు 3 టన్నులు కావాలి. అంటే మొదటి 3 టన్నులూ పూర్తిగా గొట్టానివే. అప్పుడు పలక కడ్డీ తల మీద ఆనుతుంది, రెండో దశ మొదలవుతుంది. మిగిలిన 12 టన్నుల్ని మాత్రమే రెండూ దృఢత్వాల నిష్పత్తిలో పంచుకుంటాయి. గొట్టానికి 2.3, కడ్డీకి 9.7. మొత్తం మీద గొట్టం మోసేది 5.3 టన్నులు.

జవాబు సరిచూసుకోవడానికి ఒక్క మాట గుర్తుంటే చాలు: గొట్టం కుదింపు = కడ్డీ కుదింపు + సందు. గొట్టం 0.265 మి.మీ. తగ్గింది, కడ్డీ 0.115 మి.మీ. తగ్గింది. తేడా సరిగ్గా 0.15. ఈ తేడా కుదరకపోతే ఎక్కడో తప్పు దొర్లిందన్నమాట.

సందు లేకపోతే 2.9 టన్నులు మోయాల్సిన గొట్టం ఇప్పుడు 5.3 టన్నులు మోస్తోంది. దాని గోడలో ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 34 న్యూటన్ల నుంచి 62కి పెరిగింది. కడ్డీ మీద భారం మాత్రం తగ్గింది. సందు వల్ల నష్టపోయేది పొడుగ్గా ఉండి ముందుగా తగిలేది. పొట్టిది లాభపడుతుంది.

ఇప్పుడు కడ్డీని కోసేటప్పుడు పొరపాటు జరిగి సందు 0.8 మి.మీ. అయిందనుకుందాం. అది మూసుకోవాలంటే 16 టన్నులు కావాలి. మన దగ్గరున్నవి 15. కడ్డీ లోపల ఉత్తగా నిలబడి ఉండగా మొత్తం బరువు గొట్టమే మోయాలి. తలుపుల ఫ్రేములకు ఎక్కువగా వాడే 6063-T5 రకం అల్యూమినియం అయితే చదరపు మిల్లీమీటరుకు సుమారు 145 న్యూటన్ల దగ్గర యీల్డ్ అవుతుంది, అంటే బరువు తీసేసినా పూర్తిగా వెనక్కి రాదు. ఈ గొట్టానికి ఆ స్థితి 12.5 టన్నుల దగ్గరే వచ్చేస్తుంది. అక్కడి నుంచి గొట్టం కుంగుతూ పోయి, పలక కడ్డీని తాకాకే ఆగుతుంది. బరువు దించి కొలిస్తే గొట్టం పొడవు దాదాపు 0.2 మి.మీ. శాశ్వతంగా తగ్గి ఉంటుంది.

లోపల ఏం జరుగుతోందో బయటి నుంచి కనిపెట్టడానికి నొక్కే యంత్రం గీసే గ్రాఫు చాలు. అడ్డంగా కుదింపు, నిలువుగా బరువు. మొదట గీత మిల్లీమీటరుకు 20 టన్నుల వాలుతో ఎక్కుతుంది. కడ్డీ తగలగానే ఒక్కసారిగా నిటారుగా లేచి, మిల్లీమీటరుకు 104 టన్నుల వాలు అందుకుంటుంది. ఆ మలుపు దగ్గరి బరువును 20తో భాగిస్తే అసలు సందు ఎంతో తెలిసిపోతుంది. మలుపు పదునుగా కాక గుండ్రంగా వస్తే కడ్డీ తల చదునుగా లేదని, ఒక అంచు ముందుగా తగులుతోందని అర్థం. అప్పుడు కడ్డీకి నేరు బరువుతో పాటు వంపు కూడా తోడవుతుంది, మన లెక్క దానికి చెల్లదు. మలుపు అసలే రాకపోతే సందు లేకపోవచ్చు, లేదా కడ్డీ ఇంకా తగిలి ఉండకపోవచ్చు. ఏదో వాలే చెబుతుంది. రెండోసారి నొక్కినప్పుడు మలుపు మొదటిసారి కంటే తక్కువ బరువు దగ్గరే వస్తే, గొట్టం యీల్డ్ అయి పొట్టిదైందని గట్టిగా అనుమానించాలి.

ఫీలర్ గేజ్‌తో కొలిచిన సందు కూడా రోజంతా అలాగే ఉండదు. డిగ్రీ వేడికి మీటరు ఉక్కు సుమారు 12 మైక్రాన్లు సాగితే, అల్యూమినియం 23 మైక్రాన్లు సాగుతుంది. మన 300 మి.మీ. పొడవులో తేడా డిగ్రీకి 3.3 మైక్రాన్లు. చలికాలం ఉదయం 20 డిగ్రీల దగ్గర బిగించిన జోడీ, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆరుబయట కాలి 50 డిగ్రీలకు చేరితే సందు 0.1 మి.మీ. పెరిగి 0.25 అవుతుంది. అదే 15 టన్నులకు గొట్టం వాటా 5.3 నుంచి దాదాపు 7 టన్నులకు చేరుతుంది. బరువు మారలేదు, లోహం మారలేదు, ఎండ మాత్రమే మారింది.

అందుకే ఇలాంటి జోడీ డ్రాయింగులో 0.15 మి.మీ. అని ఒక్క అంకె వేసి వదలకూడదు. అది ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో, ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలవాలో కూడా రాయాలి. ఆ పైన పెద్ద సందుతో ఒకసారి, చిన్న సందుతో ఒకసారి లెక్క కట్టాలి. పెద్ద సందు దగ్గర గొట్టానికి గండం, చిన్న సందు దగ్గర కడ్డీకి భారం. రెండూ తట్టుకుంటేనే ఆ జోడీని పలక కింద పెట్టవచ్చు.