సర్వర్ ఆగమంటే యాప్ ఎలా ఆగాలి?

పరీక్షా ఫలితాలు విడుదలైన వెంటనే యాప్‌లో `429 Too Many Requests` అని కనిపిస్తే సర్వర్ పాడైందని కాదు. పెట్టిన పరిమితికి మించి అడుగుతున్నారు, కాసేపాగి రండి అంటోందన్నమాట. అసలు చిక్కు ఆ తర్వాత యాప్ చేసే పనిలో ఉంది.

ఒక సర్వర్ సెకనుకు 100 అభ్యర్థనలు తీసుకోగలదనుకుందాం. ఒకేసారి 1,000 ఫోన్లు అడిగితే 900 వెనక్కి వస్తాయి. అవన్నీ సరిగ్గా సెకను తర్వాత మళ్లీ అడిగితే మళ్లీ అదే తోపులాట. ఈలోగా కొత్తవాళ్లూ వచ్చి చేరతారు.

అందుకే విఫలమైన ప్రతిసారీ 1, 2, 4, 8 సెకన్లుగా విరామం పెంచుతారు. దీన్నే బ్యాకాఫ్ అంటారు. కానీ అన్ని ఫోన్లూ ఒకే లెక్క పాటిస్తే మళ్లీ ఒకే క్షణాన వస్తాయి. కాబట్టి ఆ గడువు లోపల ప్రతి ఫోనూ యాదృచ్ఛికంగా ఒక క్షణాన్ని ఎంచుకోవాలి:

```
wait = random(0, min(60, 2^(n-1)))
```

ఇక్కడ `n` విఫల ప్రయత్నాల సంఖ్య, 60 గరిష్ఠ గడువు. 800 ఫోన్లు 16 సెకన్లలో సర్దుకుంటే సెకనుకు సగటున 50 మాత్రమే వస్తాయి.

సర్వర్ `Retry-After` పంపితే కనీసం అంతసేపు ఆగాల్సిందే. ఐదారు ప్రయత్నాల తర్వాత మానేసి, విషయం వినియోగదారుకు చెప్పాలి. చెల్లింపులకైతే ప్రతి ప్రయత్నంలోనూ అదే గుర్తింపు సంఖ్య పంపాలి, లేకుంటే డబ్బు రెండుసార్లు కట్ కావచ్చు.

పాఠకులూ గుర్తుంచుకోండి: రద్దీలో రిఫ్రెష్ నొక్కిన ప్రతిసారీ ఆ రద్దీని మీరూ పెంచుతున్నారు.