బడి ముందటి రాత్రి

మా మస్జిదు పక్కనున్న పాఠశాల ప్రిన్సిపాల్ గారు గత సంవత్సరం తల్లిదండ్రులకు ఒక లేఖ పంపారు. పిల్లలకు మొబైల్ ఫోన్ ఇవ్వరాదనీ, గేములు ఆడితే చదువు పాడవుతుందనీ దాని సారాంశం. దానిపై అందరూ సంతకాలు చేసి పంపారు. నెల తిరిగేసరికి ఆ పిల్లలే నా సాయంకాలపు మక్తబ్‌లో ఖాయిదా మీద తల వాల్చి నిద్రపోవడం చూశాను. ఈ సంవత్సరం బడులు తెరిచిన జూన్ మాసంలో ఆయనే మరో లేఖ రాశారు. అది పనిచేసింది. ఎందుకు పనిచేసిందో తెలుసుకుంటే ఇంటింటికీ ఉపయోగమని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రెండవ లేఖలో గేముల మంచిచెడుల మీద ఉపన్యాసం లేదు. అది ధర్మసమ్మతమా, నిషిద్ధమా అన్న చర్చ కూడా లేదు. ఆయన అడిగింది 'బడి ముందటి రాత్రి' గురించి మాత్రమే. అంటే, మరునాడు బడి ఉన్న ప్రతి రాత్రి. ఇస్లామీయ గణనలో దినం మగ్రిబ్‌తోనే ఆరంభమవుతుంది కదా! ఆదివారం సూర్యుడు అస్తమించగానే సోమవారం మొదలైనట్లే. ఈ లెక్క మన ఇళ్లకు కొత్తది కాదు. ఆదివారం రాత్రిని సెలవుగా భావించడమే మన పొరపాటు.

లేఖలోని మొదటి నియమం ఇది: బడి ముందటి రాత్రి ఏడున్నర దాటాక ఏ గేమూ మొదలుపెట్టరాదు. 'ఏడున్నరకు ఆపాలి' అని ఆయన రాయలేదు. ఈ తేడాలోనే కీలకమంతా ఉంది. మన పిల్లలు ఎక్కువగా ఆడే యుద్ధపు గేములో వంద మంది ఒక ద్వీపంలో దిగుతారు. సురక్షిత వలయం కుంచించుకుపోతూ ఉంటుంది. చివరికి ఒక జట్టే మిగులుతుంది. ఒక ఆట చివరిదాకా సాగితే దాదాపు అరగంట పడుతుంది. మధ్యలో నిలిపి మళ్లీ కొనసాగించే వీలు లేదు. నలుగురి జట్టులో ఒకడు వెళ్లిపోతే మిగిలిన ముగ్గురూ నష్టపోతారు. పిల్లవాడి ర్యాంకు పడిపోతుంది. సరిగ్గా ఆ సమయంలో తల్లి ఫోన్ లాక్కుంటే వాడు తిరగబడతాడు. తల్లి దానిని మొండితనం అనుకుంటుంది. వాడు స్నేహితులకు ద్రోహం చేయించిందని అనుకుంటాడు. ఏడున్నరకు ముందు మొదలైన ఆట ఎనిమిదికల్లా దానంతటదే ముగుస్తుంది. ఆ తరువాత ఇషా నమాజుకు పిలుపు వస్తుంది. జగడానికి తావే ఉండదు.

రెండవ నియమం: ఎనిమిదున్నరకు ఇంట్లోని ఫోన్లన్నీ హాలులో ఒకచోట ఛార్జింగుకు పెట్టాలి. 'అన్నీ' అంటే తల్లిదండ్రులవి, నానమ్మ గారివి కూడా. పిల్లవాడి ఫోనులో Family Link అమర్చి తాళం వేసినా, దిండు కింద నానమ్మ ఫోన్ ఉంటే ఆ తాళం వృథా. మూడవ నియమం పాఠశాల తన మీద తాను విధించుకున్నది: సాయంత్రం ఆరు తరువాత వాట్సాప్‌లో హోంవర్కు పంపబోము. నిజానికి రాత్రిపూట ఫోన్ పట్టుకోవడానికి పిల్లలకు దొరికే మొదటి సాకు అదే.

ఒక ఇంటి సంగతి చెబుతాను. మాది కడప జిల్లా. ఇక్కడి ఎన్నో ఇళ్లలో లాగే ఆ ఇంటి తండ్రి కువైట్‌లో డ్రైవరు. కుమారుడు ఎనిమిదవ తరగతి. లేఖ అందిన వారానికి తల్లి నా దగ్గరకు వచ్చి, "హజ్రత్, తొమ్మిదికి ఫోన్ తీసేద్దామంటే వీళ్ల అబ్బా పదిన్నరకు కాల్ చేస్తారు. అంతదాకా ఫోన్ వీడి చేతిలోనే ఉంటుంది" అన్నారు.

కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ ఎనిమిదికి ఆయన పని ముగిస్తే ఇక్కడ పదిన్నర. తండ్రి కాల్ కోసం ఎదురుచూస్తూ ఒక ఆట. ఇరవై నిమిషాల మాటల తరువాత, నిద్ర చెదిరిపోయింది గనుక మరో రెండు ఆటలు. కళ్లు మూతపడేసరికి పన్నెండుంబావు. జూన్‌లో మా దగ్గర సూర్యోదయం 5.45 ప్రాంతంలో అవుతుంది. కాబట్టి ఫజ్ర్‌కు అయిదింటికి లేవాలి. అంటే నిద్ర అయిదు గంటలు కూడా లేదు. వాడు లేచేవాడు కాదు. ఆరుముప్పావుకు లేచినా దక్కేది ఆరున్నర గంటలే. నమాజూ పోయింది, నిద్రా చాలలేదు.

పదమూడేళ్లు దాటిన పిల్లలకు రోజు మొత్తం మీద ఎనిమిది నుండి పది గంటల నిద్ర అవసరమని నిద్రా వైద్యులు చెబుతారు. అందులో పగటి కునుకు కూడా లెక్కే. మన సంప్రదాయంలోని ఖైలూలా ఇక్కడ అక్కరకు వస్తుంది. సెలవు రోజున జుహ్ర్ వేళకు, బడి రోజున ఇంటికి రాగానే అరగంట పడుకుంటే చాలు. తొమ్మిదిన్నరకు నిద్రపోయి అయిదింటికి లేస్తే ఏడున్నర గంటలు. అరగంట కునుకుతో ఎనిమిది పూర్తవుతాయి.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇషాకు ముందు నిద్రపోవడాన్నీ, ఇషా తరువాత ముచ్చట్లనూ ఇష్టపడేవారు కాదని హదీసులో ఉంది. అయితే విద్య కోసం, అతిథి కోసం, ఇంటివారితో ఆప్యాయత కోసం మాట్లాడడాన్ని పండితులు అనుమతించారు. కాబట్టి తండ్రి మాట్లాడడం తప్పు కాదు, ఆ వేళ సరిగా లేదంతే. నేను ఆ సోదరితో అదే చెప్పాను. ఆయన కువైట్‌లో రెండింటికి భోజన విరామంలో కాల్ చేస్తే ఇక్కడ నాలుగున్నర. పిల్లవాడు అప్పుడే బడి నుండి వస్తాడు. శుక్రవారం ఆయనకు సెలవు గనుక ఆ రోజు తీరికగా మాట్లాడవచ్చు.

మొదటి మూడు రాత్రులు కష్టంగా గడిచాయి. వాడు అన్నం ముట్టలేదు, తలుపు వేసుకున్నాడు. తల్లి వాడితో వాదించలేదు, ఫోన్ కూడా ఇవ్వలేదు. ప్రిన్సిపాల్ గారు లేఖతో పాటు ఒక కాగితం పంపారు. గేము ఎంతసేపు ఆడాడో అందులో రాయనక్కరలేదు. దానిమీద అబద్ధాలూ అనుమానాలూ పుడతాయి. పడుకున్న వేళ, లేచిన వేళ, ఫజ్ర్‌కు ఎన్నిసార్లు పిలవాల్సి వచ్చింది, ఈ మూడే రాయాలి. మొదటి వారం ఆ ఇంటి కాగితంలో 'అయిదు సార్లు, లేవలేదు' అని ఉంది. మూడవ వారానికి 'రెండు సార్లు' అయింది. ఒకనాడు తల్లి కంటే ముందే లేచి తండ్రికి సలామ్ రికార్డు చేసి పంపాడట. "వాళ్ల అబ్బా అది పదిసార్లు విన్నారు హజ్రత్" అని ఆమె కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఈ నియమాలు అందరికీ చాలవు. ఏడాది పొడవునా ఆట మీద అదుపు లేక, చదువు, తిండి, స్నేహాలు చెడుతున్నా మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగా గుర్తించింది. 2022 నుండి దాని వ్యాధుల జాబితాలో అది ఉంది. ఫోన్ తీసేస్తే వారాల తరబడి ఉగ్రుడయ్యే పిల్లవాడిని, గేములో వస్తువులు కొనడానికి ఇంట్లో డబ్బు దొంగిలించే పిల్లవాడిని కొట్టడం వల్ల ప్రయోజనం లేదు. మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. వైద్యం చేయించుకోవడం సున్నత్ కూడా.

మన మందరం కాపరులమేననీ, మన మందను గురించి మనం ప్రశ్నింపబడతామనీ దైవప్రవక్త (స) హెచ్చరించారు. కాపరి మందను కొట్టానికి తోలేటప్పుడు తాను బయట నిలబడిపోడు. ఆ ఇంటి హాలులో ఎనిమిదున్నరకు మొదట ఛార్జింగుకు చేరేది తల్లి ఫోన్. పిల్లవాడిది ఆ తరువాతే.