సవరించాం, అయినా 828 అనే చూపిస్తోంది

ఒక వానాకాలం ఉదయం మా న్యూస్ సైట్‌లో జలాశయాల నీటిమట్టాల చార్టు పెట్టాం. శ్రీశైలం దగ్గర 882 అడుగులని రావాల్సింది, టైపింగు తొందరలో 828 అయి కూర్చుంది. ఫైలు ఎక్కింది 10:02కి. తప్పు దొరికి, దిద్ది, మళ్లీ పబ్లిష్ చేసింది 10:20కి. మా కంప్యూటర్లో 882 కనిపించింది, హమ్మయ్య అనుకుని టీకి లేచాం.

పదిన్నర కావస్తుండగా కర్నూలు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు.

"బాబూ, 828 అడుగులంటే పోతిరెడ్డిపాడు తూముల్లోకి చుక్క నీరు ఎక్కదు. నిన్ననే కాలవలో నీళ్లు చూసొచ్చాను. ఏం లెక్కలయ్యా ఇవి?"

"దిద్దేశామండీ, ఇప్పుడోసారి చూడండి."

"చూస్తూనే మాట్లాడుతున్నాను. 828."

ఆయన అబద్ధం చెప్పలేదు, మేమూ చెప్పలేదు. మా సర్వర్లో ఉన్నది 882. ఆయన ఫోన్ మాత్రం మా సర్వర్‌ని అడగనే లేదు.

మనం ఒక పేజీ తెరిస్తే అందులోని ప్రతి ఫైలూ నేరుగా అసలు సర్వర్ నుంచి వస్తుందనుకుంటాం. మధ్యలో రెండు చోట్ల దాని నకలు ఆగుతుంది. మొదటిది సీడీఎన్. అంటే మన ఫైళ్ల నకళ్లను ఊరూరా తన సర్వర్లలో పెట్టుకుని, దగ్గరున్నవాళ్లకు అక్కడి నుంచే అందించే సంస్థ. రెండోది చదివేవారి ఫోన్లోని బ్రౌజర్. మిల్లులో బియ్యం రకం మార్చినంత మాత్రాన కొట్లో బస్తా, ఇంట్లో డబ్బా మారవు కదా, అదే ఇది. ఈ దాచుకున్న నకలునే క్యాష్ అంటారు. పలకడానికి డబ్బు క్యాష్ లాగే ఉంటుంది కాబట్టి, "క్యాష్ మొత్తం క్లియర్ చేసేశాం" అని అరిస్తే మా అకౌంట్స్ ఆయన ఇప్పటికీ తలెత్తి చూస్తాడు.

నకలును ఎంతసేపు నమ్మొచ్చో చెప్పేది మనమే. ఫైలుతో పాటు సర్వర్ పంపే హెడర్లలో ఆ గడువు ఉంటుంది. మాస్టారి ఫోన్ పెట్టేశాక, 10:30కి మా కుర్రాడు ఈ కమాండ్ కొట్టాడు. ఇక్కడ సైటు పేరు మార్చి ఇస్తున్నాను.

```
curl -I https://example.com/data/levels.csv

cache-control: public, max-age=3600
age: 1500
```

కథంతా ఈ రెండు వరసల్లోనే ఉంది. `max-age=3600` అంటే ఈ నకలును 3600 సెకన్లు, అంటే గంటసేపు, ఎవర్నీ అడక్కుండా వాడుకోవచ్చని అనుమతి. `age: 1500` అంటే సీడీఎన్ దగ్గరున్న నకలుకు 25 నిమిషాల వయసు. 10:30లోంచి 25 నిమిషాలు తీసేస్తే 10:05. తప్పు ఫైలు ఎక్కిన మూడు నిమిషాలకే ఎవరో పేజీ తెరిచారు, అప్పుడు నకలు దిగింది. మేం 10:20కి దిద్దిన సంగతి దానికి తెలీదు. 11:05 దాకా తెలుసుకోవాల్సిన పని కూడా దానికి లేదు. కింద `last-modified` వరసలో 04:32:00 GMT అని కూడా ఉంది. దానికి అయిదున్నర గంటలు కలపాలని గుర్తుంటే, అది 10:02 నాటి తప్పు ఫైలేనని తెలిసిపోతుంది.

మరి మాకు 882 ఎలా కనిపించింది? మేం చూసింది అడ్మిన్‌లో లాగిన్ అయి తెరిచిన ప్రివ్యూ. అది సీడీఎన్‌ను తాకకుండా నేరుగా సర్వర్ నుంచి వస్తుంది. సొంత వంటింట్లో కూర రుచి చూసి, బంతిలో వడ్డించింది కూడా అదే అనుకున్నట్టు. దిద్దాక చూడాల్సింది లాగిన్ లేని వేరే ఫోన్లో, అదీ ఆఫీసు వైఫై కాకుండా మొబైల్ డేటాలో.

ఇంకో తమాషా. మాకు డాలస్‌లో పాఠకులున్నారు. అక్కడ అర్ధరాత్రి కావస్తుండగా, మన 10:25కి, ఒకాయన పేజీ తెరిచారు. ఆ ప్రాంతపు సీడీఎన్ సర్వర్లో నకలు లేదు, అది మా సర్వర్‌ని అడిగి 882 తెచ్చిచ్చింది. మా ఏర్పాటులో ఏ ఊరి నకలు ఆ ఊరిదే, దాని గడియారమూ దానిదే. అందుకే శ్రీశైలం నీటిమట్టం అమెరికాలో సరిగ్గానూ కర్నూల్లో తప్పుగానూ ఉంది.

10:35కి సీడీఎన్ కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి ఆ ఫైలును పర్జ్ చేశాం, అంటే అన్ని ఊళ్లలోని నకళ్లనూ పారేయమన్నాం. అప్పట్నించి కొత్తగా తెరిచినవాళ్లకి 882 వచ్చింది. మాస్టారికి మాత్రం రాలేదు. ఆయన 10:10కే ఓసారి తెరిచారు, అప్పుడు దిగిన నకలు ఆయన ఫోన్లో ఉంది. దిగేటప్పటికే దాని వయసు అయిదు నిమిషాలు, ఆ అయిదూ గంటలోంచి పోగా 11:05 దాకా అది చెల్లుతుంది. సీడీఎన్ మన మాట వింటుంది గానీ, జనం ఫోన్లలోకి వెళ్లి చెరిపే మీట మన దగ్గర లేదు. రిఫ్రెష్ చేయమని ఆయనకు చెప్పి చూశాం. క్రోమ్‌లో మామూలు రిఫ్రెష్ పేజీని కొత్తగా అడుగుతుంది. లోపలి ఫైళ్లకు గడువు ఉంటే వాటిని మళ్లీ అడగదు. చార్టు పేజీలోనే ఉంది, అంకెలు మాత్రం లోపలి ఫైల్లో ఉన్నాయి.

ఆ రోజు మాకు పనికొచ్చింది ఒక్కటే, ఫైలు పేరు మార్చడం. `levels.csv` బదులు `levels-2.csv` అని ఎక్కించి, పేజీలో ఆ పేరు రాశాం. కొత్త పేరుతో ఏ ఫోన్లోనూ నకలు లేదు కాబట్టి ప్రతి ఫోనూ అడిగి తీరాలి. పాత పేరు చివర `?v=2` అని తగిలించినా చాలామట్టుకు పనిచేస్తుంది. కొన్నిచోట్ల సీడీఎన్‌ను ప్రశ్నార్థకం తర్వాతి భాగాన్ని లెక్కలోకి తీసుకోకుండా పెట్టుకుంటారు, అక్కడ మళ్లీ పాతదే వస్తుంది. పేరు మార్చడం దానికన్నా గట్టి పద్ధతి.

అయితే ఆ కొత్త పేరు పాఠకుడికి అందాలంటే, పేజీ తాజాగా వెళ్లాలి. మా పేజీకి `no-cache` అనే హెడర్ ఉండబట్టి బతికిపోయాం. ఈ మాట చూసి నకలు దాచుకోవద్దని అర్థం చేసుకుంటారు చాలామంది. దాచుకోవద్దనడానికి `no-store` వేరే ఉంది. `no-cache` అంటే దాచుకో, కానీ వాడే ముందు ప్రతిసారీ అడుగు అని. బ్రౌజర్ "నా దగ్గరున్నది పనికొస్తుందా?" అని అడుగుతుంది. మారకపోతే సర్వర్ 304 అనే చిన్న జవాబు పంపుతుంది, ఫైలు మళ్లీ దిగదు. గంట గంటకూ మారే అంకెలకు ఆ మాత్రం ఖర్చు ఎక్కువేం కాదు.

గడువు హెడరే పెట్టకపోతే బాధ ఉండదనుకుంటారు. అప్పుడు బ్రౌజర్ తనే ఒక గడువు ఊహించుకుంటుంది. ఫైలు చివరిసారి మారి ఎంతకాలమైందో చూసి, అందులో పదో వంతు నమ్మడం మామూలు అలవాటు. పదిరోజులుగా మారని ఫైలైతే ఒక రోజంతా. నెల రోజులు కదలని పాత పట్టికను దిద్దినప్పుడు మూడు రోజుల దాకా ఫిర్యాదులొస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మేం చేసిన ఇంకో పొరపాటు సాయంత్రం గానీ తట్టలేదు. "10:20కి సవరించాం" అన్న వరసను పేజీలో పెట్టాం, అంకె డేటా ఫైల్లో ఉంది. పేజీ కొత్తది, ఫైలు పాతది. మాస్టారికి చార్టు కింద "సవరించాం" అనీ, చార్టులో 828 అనీ పక్కపక్కనే కనిపించాయి, మా సవరణే 828 అనుకున్నారాయన. ఇప్పుడు ఆ సమయాన్ని కూడా డేటా ఫైల్లోనే ఒక గడిలో రాస్తున్నాం. ఎవరైనా ఫోన్ చేస్తే ముందు చార్టు మూలనున్న టైము చదవమంటున్నాం.