పొగకు వెనక వెలుగు, ఇత్తడికి పక్క వెలుగు

అగరొత్తుల పెట్టె, పక్కనే ఇత్తడి కుంది, సన్నగా లేచే పొగ. ఆన్‌లైన్‌లో పూజా సామగ్రి అమ్మే చిన్న వ్యాపారులందరూ కోరుకునే ఫొటో ఇదే. తీయబోతే మాత్రం పొగ కనబడదు, లేదంటే కుంది మీద తెల్లటి మచ్చ పడుతుంది. పొగకు, ఇత్తడికి కావలసిన వెలుగులు వేరు కావడమే దీనికి కారణం.

పొగ అంటే గాలిలో తేలే అతి సన్నని రేణువులు. వెలుగు వెనక నుంచి వచ్చి వాటిని తాకితే అవి మెరుస్తాయి. ముందు నుంచి పడితే, ముఖ్యంగా ఫోన్ ఫ్లాష్ వేస్తే, పొగ కరిగిపోయినట్టుంటుంది. పైగా దాని వెనక తెల్లగోడ ఉంటే ఎంత పొగ వచ్చినా లాభం లేదు, నల్లని గుడ్డ ఉండాలి. ఇత్తడి తీరు వేరు. దాని మెరుపులో సగం చుట్టూ ఉన్నవాటి ప్రతిబింబమే. చిన్న బల్బు పెడితే ఒక్క చుక్కే మెరుస్తుంది. వెడల్పైన మెత్తటి వెలుగు పక్క నుంచి పడితేనే చెంబు పొట్ట గుండ్రంగా, నిండుగా కనిపిస్తుంది.

శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి చెంబు, ఒక అగరొత్తు, దాని పెట్టె, నాలుగు చామంతులు మన దగ్గర ఉన్నాయనుకుందాం. ఉదయం పూట, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బల్ల వేసుకోవాలి. కిటికీ మనకు ఎడమ పక్క, కొంచెం వెనగ్గా ఉండాలి. దానికి పల్చటి తెల్ల పంచె కడితే అదే పెద్ద మెత్తటి దీపమవుతుంది. నల్లగుడ్డను బల్ల వెనక మూడు నాలుగు అడుగుల దూరంలో కట్టాలి. దగ్గరగా ఉంటే దాని మీదా వెలుగు పడి బూడిద రంగుకు తిరుగుతుంది. కుడివైపు ఒక థర్మాకోల్ షీటు నిలబెడితే చెంబు నీడ పక్క కూడా తేలుతుంది. చెంబు అంచు నేపథ్యంలో కలిసిపోతుంటే షీటును కాస్త వెనక్కి జరిపితే చాలు, అంచున సన్నని వెలుగు గీత వస్తుంది.

చెంబును చింతపండుతో తోమి, కడిగి, మెత్తటి గుడ్డతో పూర్తిగా ఆర్పాలి. ఆ తరువాత చేత్తో ముట్టుకుంటే వేలిముద్రలు ఫొటోలో స్పష్టంగా పడతాయి, గుడ్డతోనే పట్టుకోవాలి. తీసేవాళ్లు కూడా అందులో కనబడతారు కనుక ముదురు రంగు బట్టలు వేసుకుని, కాస్త దూరం జరిగి రెండింతల జూమ్‌తో తీయడం మేలు.

ఇక పొగ. ఫ్యాను ఆపి, తలుపులు వేసి, గాలి నిమ్మళించేదాకా ఆగాలి. అప్పుడు పొగ మొదట తిన్నగా లేచి, ఆ పైన మెలికలు తిరుగుతుంది. ఆ రెండూ కలిసే చోటే అందం. ఒక్క అగరొత్తు చాలు. కనబడకుండా నాలుగు దాచిపెట్టి పొగ పెంచితే వంటింట్లో ఏదో మాడినట్టుంటుంది. పొగ వెనక పక్కగా, ఫ్రేములోకి రాకుండా తెల్లటి ఎల్‌ఈడీ టార్చి పెట్టి, దాని వెలుగు చెంబు మీదా లెన్సు మీదా పడకుండా అట్టముక్క అడ్డం పెట్టాలి. బూడిద మొన పొడవుగా వంగకముందే తీసేయాలి. ఫోన్‌లో నైట్ మోడ్ ఆపేయాలి. అది వరసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది కనుక కదిలే పొగ చెరిగిపోతుంది. చెంబు మీద నొక్కిపట్టి, వెలుగు మీటను మెరుపులు తెల్లబడనంత వరకు తగ్గించాలి. కెమెరా అయితే సెకనులో 125వ వంతు దగ్గర మొదలుపెట్టవచ్చు. పొగ కాస్త నీలంగా కనిపిస్తే తప్పు కాదు, అప్పుడే వెలువడిన సన్నని రేణువులు నీలి వెలుగునే ఎక్కువగా చెదరగొడతాయి. కాసేపటికి గది మసకబారుతుంది. కిటికీలు తెరిచి, గాలి మారాకే మళ్లీ మొదలుపెట్టాలి.

రెండు వెలుగులూ ఒకేసారి కుదరకపోతే కెమెరాను స్టాండు మీద కదలకుండా ఉంచి, చెంబును ఒక ఫ్రేములో, పొగను మరో ఫ్రేములో తీసి కలపవచ్చు. పొగ ఆ అగరొత్తుదే కనుక ఇందులో మోసం లేదు. ఎక్కడిదో పొగ తెచ్చి అతికించడం మాత్రం నాకు నచ్చదు. కొన్నవాళ్లు ఇంట్లో వెలిగించగానే తేడా తెలిసిపోతుంది.

అమర్చడంలో మనవాళ్ల కన్ను చాలా నిక్కచ్చి. దీపపు కుంది నేల మీద ఉంటే, బొట్టు లేకుండా ఉంటే, పువ్వు వాడిపోతే పెద్దవాళ్లు ముందు అదే చూస్తారు. పీట మీదో పళ్లెంలోనో పెట్టండి. కుందికి పసుపు, కుంకుమ బొట్టు చిన్నగా, చక్కగా పెట్టండి. గంట, హారతి పళ్లెం, పంచపాత్ర, కొబ్బరికాయ అన్నీ ఒకే ఫ్రేములో కుక్కితే అమ్మే వస్తువు ఏదో తెలియదు. పెట్టె ఒకటి, చెంబు ఒకటి, పువ్వులు రెండో మూడో చాలు. పొగ లేచే వైపు ఖాళీ వదలండి.

ఒక్క మనవి. ఈ ఫొటోనే పెట్టె మీద అచ్చు వేయిస్తున్నట్టయితే అందులో దేవుడి విగ్రహాన్ని చేర్చకండి. అగరొత్తులు అయిపోయాక ఆ పెట్టె పోయేది చెత్తబుట్టలోకే.