కారం మనమే పట్టుకోవాలా, బయట పట్టించాలా?

గుంటూరు పక్కన ఒక పచ్చళ్ల యూనిట్ ఉందనుకుందాం. నెలకు 2,000 కిలోల మిరపకాయలు తమ షెడ్డులోనే కారం పట్టుకుంటారు. ఒకరోజు మేనేజరు యజమాని ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు. మనకు కిలోకు 22 రూపాయలు పడుతోంది, బయటి మరలో 17కే పట్టిస్తారు, నెలకు పది వేలు మిగులుతాయి అని. (అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే.)

ఆ 22 ఎలా వచ్చిందో ముందు విప్పి చూడాలి. కరెంటు 4, కూలి 7, జల్లెడలూ సుత్తుల అరుగుదల 2. ఇవి 13. మిగతా 9 రూపాయలు మిషన్ తరుగుదల, షెడ్డు అద్దెలో వాటా, మేనేజరు జీతంలో వాటా. మర ఆపేసినంత మాత్రాన షెడ్డు యజమాని అద్దె తగ్గించడు, మేనేజరు జీతం ఆగదు, మిషన్‌కు పెట్టిన డబ్బు వెనక్కి రాదు. కాబట్టి పోల్చాల్సింది 22తో కాదు, ఆపితే నిజంగా మిగిలే 13తో. ఆ కూలి 7 కూడా మనిషిని వేరే పనికి వాడుకోగలిగితేనే మిగులు. లేకపోతే అతను సీసాల పక్కన కూర్చుని జీతం తీసుకుంటాడు.

ఇక బయటి 17. రానూపోనూ బండి ఖర్చు కిలోకు 1 రూపాయి. అక్కడి తరుగు మన దగ్గరకంటే నూటికి ఒక కిలో ఎక్కువైతే, కాయ ధర 200 ఉన్నప్పుడు మరో 2 రూపాయలు. మొత్తం 20. అంటే పది వేలు మిగలడం అటుంచి, నెలకు 14,000 చేతి నుంచి పోతాయి.

మర తీసేసి బయటికివ్వడం దండగేనా? ఏడాది పొడుగునా అయితే అంతే. కానీ ఆవకాయ సీజన్ మూడు నెలలూ ఈ యూనిట్ జాడీలు పెట్టడానికి బయట గోడౌనుకు నెలకు 20,000 కడుతోంది. మర ఆపితే ఆ చోటు దొరుకుతుంది. ఆ నెలల్లో 14,000 ఎక్కువ పెట్టి 20,000 ఆదా చేస్తే 6,000 లాభమే. పైగా సీసాలు నింపడానికి మనుషులు చాలని రోజులవి. షెడ్డు వాటా 3 రూపాయలంటూ కాగితం మీద పంచిన అంకెకంటే ఆ చోటు అసలు విలువ ఇది. చాలా ప్రతిపాదనల్లో ఈ వరసే కనిపించదు.

అయితే సీజన్‌లో అందరూ కారం పట్టించేది అప్పుడే. మరలో వరస పెరిగితే రోలర్లు చల్లారనివ్వరు, వేడికి కారం రంగు తగ్గుతుంది. ముందు పట్టినవాళ్ల తేజ రకం మిగులు మనదాంట్లో కలిస్తే ఘాటు మారిపోతుంది. ఎవరి కారం కలిసిందో తర్వాత చెప్పలేం. అందుకే ఏప్రిల్ మొదట్లోనే రెండు బస్తాలు తూకం వేసి పంపాలి. తిరిగొచ్చాక మళ్లీ తూచి, ఇంటి కారంతో పక్కపక్కన పెట్టి రంగు చూడాలి. పోయిన మే నెలలో సరుకు ఎన్ని రోజులు ఆగిందో ఆ మర పాత ఖాతాదారులనే అడగాలి.