సంతానోత్పత్తి సమానం, జననాలు అసమానం: రాష్ట్రస్థాయి గణనలో ఒక పరిశీలన

శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ 2020 నివేదిక ప్రకారం తెలంగాణలో స్థూల జనన రేటు 16.4, కేరళలో 13.2. మొత్తం సంతానోత్పత్తి రేటు మాత్రం రెండు రాష్ట్రాలలోనూ 1.5గానే నమోదైంది. స్త్రీలు సగటున కనే పిల్లల సంఖ్య దాదాపు ఒకటే అయినప్పుడు జననాలలో ఇంత తేడా ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం ఈ రెండు కొలతల హారాలలో ఉంది.

స్థూల జనన రేటుకు హారం రాష్ట్రంలోని మొత్తం జనాభా. పురుషులు, పసిపిల్లలు, వృద్ధులు కూడా అందులో చేరుతారు. మొత్తం సంతానోత్పత్తి రేటు గణనలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలను మాత్రమే ఐదేళ్ల అంతరంతో ఏడు వయోవర్గాలుగా విడదీస్తారు. ఒక ఏడాదిలో ఒక్కొక్క వర్గపు స్త్రీలకు కలిగిన సజీవ జననాలను అదే వర్గంలోని స్త్రీల సంఖ్యతో భాగించి, వెయ్యితో హెచ్చిస్తే ఆ వర్గపు రేటు వస్తుంది.

ఉదాహరణకు ఒక ఊహాత్మక రాష్ట్రంలో ఈ రేట్లు వరుసగా 30, 130, 100, 30, 8, 2, 0 అనుకుందాం. వీటి మొత్తం 300. ప్రతి స్త్రీ ఒక్కొక్క వర్గంలో ఐదేళ్లు గడుపుతుంది కనుక ఈ మొత్తాన్ని 5తో హెచ్చించాలి; వెయ్యితో భాగిస్తే 1.5 వస్తుంది. విద్యార్థులు తరచుగా విస్మరించేది ఈ ఐదుతో హెచ్చింపునే. అప్పుడు ఫలితం 0.3గా తేలుతుంది. అంత తక్కువ విలువ కనబడగానే గణనను తిరిగి చూసుకోవాలి.

ఇవే రేట్లు గల రెండు రాష్ట్రాలను తీసుకుందాం. మొదటిదానిలో ప్రతి వెయ్యి జనాభాకు 20–24, 25–29 వర్గాలలో 45 మంది చొప్పున, రెండవదానిలో 35 మంది చొప్పున స్త్రీలు ఉన్నారనుకుంటే, ఈ రెండు వర్గాల నుంచే మొదటి రాష్ట్రంలో 10.35, రెండవ రాష్ట్రంలో 8.05 జననాలు కలుగుతాయి. స్త్రీల సంతానోత్పత్తి మారలేదు. యువతుల వాటా మాత్రమే మారింది. వృద్ధుల వాటా అధికంగా ఉన్న కేరళలో జరిగింది ప్రధానంగా ఇదే. ఒక దశాంశానికి కుదించిన 1.5 వెనుక కొంత తేడా దాగి ఉండవచ్చు గాని, అది ఏడు శాతాన్ని మించదు. జనన రేట్ల మధ్య అంతరమో, సుమారు 24 శాతం.

అయితే 1.5 అన్నది ఏ తరం స్త్రీలూ వాస్తవంగా కన్న పిల్లల సగటు కాదు. ఒకే ఏడాది రేట్ల మధ్య జీవితమంతా గడిపే కల్పిత స్త్రీకి అది వర్తిస్తుంది. వివాహాలు, తొలి కాన్పులు ఆలస్యమవుతున్న కాలంలో స్త్రీలు చివరకు కనే పిల్లల సంఖ్య తగ్గకపోయినా ఈ రేటు తాత్కాలికంగా పడిపోతుంది. అందుచేత ఒకటి రెండేళ్ల తగ్గుదలను కుటుంబ పరిమాణంలో వచ్చిన మార్పుగా నిర్ధారించే ముందు, తగ్గుదల ఏ వయోవర్గాలలో కనిపించిందో చూడవలసి ఉంటుంది.