చేగోడీల ప్యాకెట్ బజారుకెక్కాలంటే

పది రూపాయల చేగోడీల ప్యాకెట్ తెస్తున్నారనుకుందాం. లాంచ్ ప్లాన్‌లో మొదటి పేజీ ప్రకటనలది కాదు, నిల్వది. అమ్మబోయే కవర్‌లోనే ప్యాక్ చేసి, మామూలు గది వేడిలో పెట్టి, వారానికొకటి విప్పి చూడాలి. మెత్తబడితే తేమ చొరబడినట్టు. పాతనూనె వాసనొస్తే నూనె గాలికి చెడినట్టు. మొదటిదానికి కవరు, సీలు చూసుకోవాలి. రెండోదానికి నూనె మార్చాలి, లేదా ప్యాకెట్‌లో నైట్రోజన్ నింపాలి. గడువు తేదీ ఈ పరీక్షను బట్టే వేయాలి, పక్క కంపెనీ ప్యాకెట్ చూసి కాదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి, లేబుల్ పనులు ఈలోగా నడుస్తాయి.

ధర లెక్క కూడా అప్పుడే తేలాలి. కిరాణా కొట్టుకు రెండు రూపాయలు, డిస్ట్రిబ్యూటర్‌కు ఎనభై పైసలు ఇస్తే మీకు మిగిలేది ఏడు రూపాయల ఇరవై పైసలు. సరుకు, కవరు, రవాణా, జీఎస్టీ, వాపసు ప్యాకెట్ల నష్టం అన్నీ అందులోంచే.

లాంచ్ రోజున జిల్లా అంతా పరచకండి. ఒకే పట్టణంలో నలభై కొట్లు చాలు. కౌంటర్ మీద వేలాడే దండ, స్కూలు వదిలే వేళ రుచి చూపించడం టీవీ ప్రకటనకన్నా నయం.

తర్వాతే అసలు లెక్క. మొదటి ఆర్డర్ కొట్టువాడి మొహమాటం కావచ్చు. రెండోది కొన్నవాళ్ల తీర్పు. నలభైలో పాతికమంది మళ్లీ అడిగితే పక్క ఊరికి వెళ్లొచ్చు. పదిమందే అడిగితే, మిగతా కొట్లలో దండ ఎక్కడ వేలాడుతోందో ముందు చూడండి. కనబడేచోట ఉండీ కదలకపోతే తప్పు రుచిదో ధరదో.